ఆనకట్ట గోడపై నీటి ఒత్తిడి: అడుగు భాగం వెడల్పుగా ఉండటంలోని అంతరార్థం

వాగుపై నిర్మించిన చెక్‌డ్యామ్ వెనుక నీరు నాలుగు వందల మీటర్ల దూరం నిలిచినా, నలభై మీటర్ల దూరమే నిలిచినా, గోడ వద్ద నీటి లోతు ఒకటే అయితే గోడపై పడే తోపుడు బలం కూడా ఒకటే. ఈ మాట మొదటిసారి విన్నవారికి నమ్మశక్యంగా ఉండదు. పది రెట్లు నీరు నిలిచినప్పుడు పది రెట్లు బలంగా నెట్టాలి కదా అన్న సందేహం విద్యార్థులలోనే కాదు, క్షేత్రస్థాయిలో నీటి సంరక్షణ పనులు చూసే వారిలోనూ కనిపిస్తుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. నీరు కొద్దిగానే నిలుస్తుంది కాబట్టి గోడ సన్నగా ఉన్నా ఫరవాలేదనీ, కట్టిన గోడపై రెండడుగుల ఇసుక బస్తాలు పేర్చినంత మాత్రాన ప్రమాదమేమీ లేదనీ అనుకోవడం ఆ అపోహకు కొనసాగింపే. మొదటి అపోహ వలన అనవసరమైన భయం మాత్రమే కలుగుతుంది. రెండవదాని వలన గోడలు పడిపోతాయి.

నీటి పీడనం లోతుపై మాత్రమే ఆధారపడుతుందనీ, పాత్ర ఆకారంపై గాని, అందులోని మొత్తం నీటి పరిమాణంపై గాని ఆధారపడదనీ నెదర్లాండ్స్‌కు చెందిన సైమన్ స్టెవిన్ 1586లోనే వివరించాడు. కారణం క్లిష్టమైనది కాదు. నిలకడగా ఉన్న నీటిలో ఏదైనా ఒక బిందువును తీసుకుంటే, దానిపై ఉన్న నీటి స్తంభం బరువే అక్కడి పీడనం. గోడకు ఆనుకొని ఉన్న నీటికి వెనుక ఉన్న నీరంతా కదలకుండా నిలిచి ఉంది. అది ముందున్న నీటిని అదనంగా నెట్టగలిగితే ఆ నీరు కదలాలి, అప్పుడు అది నిలిచిన నీరు కాదు. దూరంగా ఉన్న నీటి బరువును దాని కింద ఉన్న వాగు అడుగే మోస్తున్నది, గోడ కాదు. నాగార్జునసాగర్ జలాశయం ఎగువన శ్రీశైలం దిగువ వరకు విస్తరించి ఉన్నప్పటికీ, ఆ పొడవుకు సాగర్ గోడ మందంతో సంబంధం లేదు. గోడ మందాన్ని నిర్ణయించింది గోడ వద్ద నీటి లోతు.

ఇక్కడ రెండు మినహాయింపులు చెప్పుకోవాలి. గాలి వీచినప్పుడు లేచే అలల ఎత్తు జలాశయం పొడవును బట్టి పెరుగుతుంది. భూకంప సమయంలో నీరు నిలకడగా ఉండదు. ఈ రెండింటికీ వేరే లెక్కలున్నాయి. ఈ వ్యాసం నిలిచిన నీటికే పరిమితం.

లోతుతో పెరిగే ఒత్తిడి

ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువుంటుంది. అందువలన టన్నులలో లెక్కిస్తే పని సులభమవుతుంది. ఒక మీటరు లోతున చదరపు మీటరుపై ఒక టన్ను, రెండు మీటర్ల లోతున రెండు టన్నులు, మూడు మీటర్ల లోతున మూడు టన్నుల పీడనం ఉంటుంది. పీడనం అన్ని దిశలలోనూ సమానంగా పనిచేస్తుంది కనుక నీరు పైనుంచి కిందికి బరువుగా ఉన్నా, నిలువు గోడను మాత్రం అడ్డంగా నెడుతుంది.

గోడ ఎత్తు వెంట ఈ పీడనాన్ని చిత్రిస్తే, నీటి మట్టం వద్ద శూన్యంతో మొదలై అడుగున గరిష్ఠానికి చేరే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. ఆ త్రిభుజ వైశాల్యమే ఒక మీటరు పొడవు గోడపై పడే మొత్తం బలం. మూడు మీటర్ల లోతుకు అది మూడును మూడుతో గుణించి రెండుతో భాగించగా వచ్చే 4.5 టన్నులు. ఇరవై మీటర్ల పొడవున్న చెక్‌డ్యామ్‌పై మొత్తం 90 టన్నులు. నిండుగా సరుకు నింపిన లారీలు పలు ఒకేసారి అడ్డంగా నెట్టినంత బలమిది.

ఈ బలం గోడ మధ్యలో పనిచేస్తున్నట్లు భావించరాదు. ఒత్తిడి అడుగున ఎక్కువ కాబట్టి బలాల సగటు స్థానం కిందికి జరిగి, అడుగు నుంచి మూడవ వంతు ఎత్తున, అంటే ఇక్కడ ఒక మీటరు ఎత్తున ఉంటుంది. గోడను దిగువకు పడదోసే భ్రామకం ఈ బలాన్ని ఈ ఎత్తుతో గుణించగా వస్తుంది. మూడు మీటర్ల గోడకు అది 4.5 టన్ను-మీటర్లు.

ఇప్పుడు లోతును రెట్టింపు చేసి చూడాలి. ఆరు మీటర్ల లోతుకు బలం 18 టన్నులు, అంటే నాలుగు రెట్లు. పడదోసే భ్రామకం 36 టన్ను-మీటర్లు, అంటే ఎనిమిది రెట్లు. బలం లోతు వర్గాన్ని బట్టి, భ్రామకం లోతు ఘనాన్ని బట్టి పెరుగుతాయి. పునాది నుంచి దాదాపు 124 మీటర్ల ఎత్తున్న నాగార్జునసాగర్ రాతి కట్టుబడి స్థాయిని ఊహించడానికి 120 మీటర్ల లోతును తీసుకుంటే, ప్రతి మీటరు పొడవుపై 7,200 టన్నుల బలం వస్తుంది. లోతు చెక్‌డ్యామ్ కంటే నలభై రెట్లే, బలం మాత్రం పదహారు వందల రెట్లు, భ్రామకం అరవై నాలుగు వేల రెట్లు. అడుగు వెడల్పు కావలసిన అవసరం ఈ పెరుగుదలలోనే ఉంది. అయితే ఎంత వెడల్పు, ఏ ఆకారంలో అన్నది గోడ దేని ఆధారంగా నిలబడుతున్నదో చూస్తేనే తెలుస్తుంది.

బరువుతో నిలిచే గోడ

రాతి కట్టుబడితో గాని కాంక్రీటుతో గాని కట్టిన సాధారణ ఆనకట్ట తన బరువుతోనే నిలుస్తుంది. దీనినే గురుత్వ ఆనకట్ట అంటారు. నీరు అడ్డంగా నెడుతుంది, గోడ బరువు నిలువుగా కిందికి లాగుతుంది. ఈ రెండూ కలిసి ఏటవాలుగా దిగే ఒక ఫలిత బలంగా మారి పునాదిని తాకుతాయి. అది పునాదిని ఎక్కడ తాకుతున్నదన్నదే అసలు ప్రశ్న.

ఆ బిందువు అడుగు వెడల్పును దాటి దిగువకు పోతే గోడ తిరగబడుతుంది. కాని అంతకు ముందే మరొకటి జరుగుతుంది. ఫలిత బలం దిగువ అంచు వైపు జరిగే కొద్దీ అక్కడ సంపీడనం పెరిగి, ఎగువ అంచు వద్ద తగ్గుతుంది. అడుగు వెడల్పును మూడు సమాన భాగాలు చేస్తే, ఫలిత బలం మధ్య భాగపు దిగువ హద్దుకు చేరేసరికి ఎగువ అంచు వద్ద సంపీడనం శూన్యమవుతుంది. దానిని దాటితే ఎగువ అంచు వద్ద గోడను పైకి లాగే తన్యత ఏర్పడుతుంది. రాతి కట్టుబడి నలిగిపోకుండా ఎంతో బరువును మోస్తుంది గాని, లాగే బలాన్ని దాదాపు తట్టుకోలేదు. సున్నం గాని సిమెంటు గాని పట్టిన అతుకు విచ్చుకుంటుంది. విచ్చుకునేది కూడా నీటి వైపు. అందుకే ఫలిత బలం ఎల్లప్పుడూ మధ్య మూడవ వంతులోనే ఉండాలన్న నియమాన్ని స్కాట్లండ్‌కు చెందిన రాంకిన్ 1872లో ఆనకట్టల రూపకల్పనకు ప్రతిపాదించాడు.

ఈ నియమాన్ని మూడు మీటర్ల గోడకు అన్వయించి చూద్దాం. రాతి కట్టుబడి ఘనపు మీటరుకు 2.3 టన్నులుగా తీసుకోవచ్చు. ముందుగా పైనుంచి కింది వరకు ఒకే మందంతో ఉన్న గోడను పరిశీలిస్తే, ఫలిత బలం మధ్య మూడవ వంతు దాటకుండా ఉండటానికి దాదాపు 2 మీటర్ల మందం కావాలి. మీటరు పొడవుకు ఆరు ఘనపు మీటర్ల కట్టుబడి అవుతుంది.

ఇప్పుడు ఎగువ ముఖాన్ని నిలువుగా ఉంచి, దిగువ ముఖాన్ని ఏటవాలుగా చెక్కి, పైన మొన, అడుగున వెడల్పు ఉన్న త్రిభుజపు గోడను పరిశీలించాలి. పదార్థం సగానికి తగ్గింది కనుక అడుగు మరింత వెడల్పు కావాలని అనిపిస్తుంది. లెక్క చేస్తే కావలసిన అడుగు వెడల్పు మళ్ళీ అదే 2 మీటర్లు. కారణం గరిమనాభిలో ఉంది. దీర్ఘచతురస్రపు గోడ బరువు అడుగు మధ్యలో పడుతుంది. త్రిభుజపు గోడ బరువు ఎగువ అంచు నుంచి మూడవ వంతు దూరంలోనే పడుతుంది. బరువు సగమే అయినా, నీరు ఫలిత బలాన్ని దిగువకు జరపడానికి త్రిభుజంలో రెట్టింపు దూరం అందుబాటులో ఉంటుంది. దీర్ఘచతురస్రంలో నుంచి తొలగించిన దిగువ సగం రాయి అంతా, మధ్య మూడవ వంతు నియమం దృష్ట్యా, వృథాగా మోస్తున్న రాయి అన్నమాట.

ఈ త్రిభుజానికి మరొక గుణం ఉంది, ఈ విషయమంతటిలో గ్రహించవలసిన ముఖ్యాంశం అదే. పైనుంచి ఒక మీటరు లోతున గోడను అడ్డంగా కోసినట్లు ఊహిస్తే, ఆ కోత పైనున్న భాగం కూడా ఒక చిన్న ఆనకట్టే. దాని ఎత్తు ఒక మీటరు, దానిపై నీటి లోతు ఒక మీటరు, దాని అడుగు ఆ కోత. రెండు మీటర్ల వద్ద కోసినా అంతే. అంటే గోడలోని ప్రతి మట్టమూ తన పైనున్న గోడకు పునాదే. ప్రతి మట్టంలోనూ లోతుకు తగిన వెడల్పు, అంటే లోతులో దాదాపు మూడింట రెండు వంతుల వెడల్పు ఉండాలి. లోతుతో పాటు వెడల్పు సరిసమానంగా పెరగడమే త్రిభుజమంటే. అడుగున మాత్రమే లావుగా ఉండి, నడుము సన్నగా ఉన్న గోడ సురక్షితం కాదు. ఇది కేవలం కాగితంపై తర్కం కాదని ఫ్రాన్సులో జరిగిన ఒక దుర్ఘటన నిరూపించింది.

నిలువు ముఖం నీటి వైపే ఎందుకు ఉండాలన్నది విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. జలాశయం ఖాళీగా ఉన్నప్పుడు గోడ బరువు ఒక్కటే పనిచేస్తుంది. నిలువు ముఖం ఎగువన ఉంటే ఆ బరువు మధ్య మూడవ వంతు ఎగువ హద్దు వద్ద పడుతుంది. నిండినప్పుడు ఫలిత బలం దిగువ హద్దుకు చేరుతుంది. ఖాళీ నుంచి నిండు వరకు అది మధ్య భాగంలోనే ప్రయాణిస్తుంది. త్రిభుజాన్ని తిప్పి ఏటవాలు ముఖాన్ని నీటి వైపు పెడితే ఆ వాలుపై నిలిచే నీటి బరువు సహాయపడుతుంది గాని, నీటికంటె రాయి బరువైనది కావడం వలన రాతిని ఎగువన ఉంచడమే లాభం.

బూజే ఆనకట్ట చెప్పిన పాఠం

ఫ్రాన్సులోని వోజ్ ప్రాంతంలో, ఎపినాల్ పట్టణ సమీపంలో, కాలువకు నీరందించడానికి 1880 ప్రాంతంలో బూజే అనే రాతి ఆనకట్టను నిర్మించారు. ఎత్తు పునాది నుంచి దాదాపు 22 మీటర్లు. గోడ బరువును, నీటి అడ్డపు తోపుడును ఆనాటి పద్ధతిలో లెక్కించారు. లెక్కలోకి రానిది ఒకటి మిగిలింది. నీరు గోడ ముందే ఆగిపోదు. పునాది రాతి పగుళ్లలోకి, కట్టుబడి అతుకులలోకి ఊరుతుంది. అలా చేరిన నీరు కూడా పీడనంతోనే ఉంటుంది, గోడను కింది నుంచి పైకి ఎత్తుతుంది. దీనిని ఊర్ధ్వ పీడనం అంటారు.

1884లో జలాశయంలో నీటి మట్టం పెరిగినప్పుడు, వంద మీటర్లకు పైగా పొడవు గల భాగం దిగువకు దాదాపు ఒక అడుగు జరిగింది. బలహీనత అడుగున ఉన్నదని భావించి, 1888-89లో గోడ అడుగు భాగాన్ని దిగువ వైపు మరింత రాతి కట్టుబడితో బలపరచారు. తరువాత జలాశయాన్ని తిరిగి నింపారు. 1895 ఏప్రిల్ 27న గోడ కూలింది. కూలినది బలపరచిన అడుగు భాగం కాదు. పైనుంచి దాదాపు పది మీటర్ల లోతున గోడ అడ్డంగా విడిపోయి, దాని పైభాగం కొట్టుకుపోయింది. ఎనభై మందికి పైగా మరణించారు.

ప్రతి మట్టమూ ఒక పునాదే అన్న సూత్రాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆ పది మీటర్ల మట్టం వద్ద గోడ వెడల్పు చాలక, ఎగువ ముఖం వద్ద తన్యత ఏర్పడింది. అతుకు విచ్చుకుంది. విచ్చుకున్న సందులోకి నీరు పూర్తి పీడనంతో ప్రవేశించింది. ఆ నీరు గోడ బరువులో కొంత భాగాన్ని మోయడంతో ఫలిత బలం మరింత దిగువకు జరిగింది. దానితో పగులు మరింత లోపలికి పోయింది, మరింత నీరు చేరింది. ఒకసారి మొదలైన తరువాత ఆగడానికి కారణం లేని ప్రక్రియ ఇది. కింద ఎంత రాయి పేర్చినా పైనున్న ఈ మట్టానికి దాని వలన ఒరిగేదేమీ లేదు.

అదే సంవత్సరం మారిస్ లెవీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఎగువ ముఖం వద్ద ప్రతి మట్టంలోనూ కట్టుబడిలోని సంపీడనం అక్కడి నీటి పీడనం కంటే ఎక్కువగా ఉండాలని సూచించాడు. అలా ఉంటే నీరు అతుకును విప్పలేదు. ఈనాటి రూపకల్పనలో ఊర్ధ్వ పీడనం తప్పనిసరి అంశం. పెద్ద ఆనకట్టలలో ఎగువ ముఖానికి సమీపంలో నిలువు రంధ్రాల వరుస వేసి, ఊరిన నీటిని గోడ లోపలి సొరంగంలోకి రప్పించి బయటికి పంపుతారు. సందర్శకులు ఆ సొరంగంలో నీరు కారడం చూసి ఆనకట్ట పాడైందని భయపడుతుంటారు. నిజానికి ఆ నీరు అక్కడికి రావడమే క్షేమం. రాకుండా ఆగిపోతే రంధ్రాలు పూడిపోయాయేమోనని అనుమానించాలి.

ఊర్ధ్వ పీడనం ఎగువ అంచు వద్ద పూర్తిగా, దిగువ అంచు వద్ద శూన్యంగా ఉంటుందని తీసుకొని త్రిభుజపు గోడను మళ్ళీ లెక్కిస్తే, మూడు మీటర్ల ఎత్తుకు కావలసిన అడుగు వెడల్పు 2 మీటర్ల నుంచి 2.63 మీటర్లకు పెరుగుతుంది. అది కూడా తిరగబడకుండా, పగలకుండా ఉండటానికి మాత్రమే. జారకుండా ఉండటం వేరే పరీక్ష. జారుడును అడ్డుకునేది ఘర్షణ, ఘర్షణ గోడ నికర బరువును బట్టి ఉంటుంది. ఊర్ధ్వ పీడనం ఆ నికర బరువునే తగ్గిస్తుంది. ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, ఈ త్రిభుజపు గోడ ఘర్షణ ఒక్కదానితో నిలవడానికి 3.3 మీటర్ల అడుగు కావాలి. చిన్న గోడలకు తిరగబడటం కంటే జారడమే ముందు వచ్చే ప్రమాదం. పునాదిని గట్టి రాతిలోకి దింపి గాడి కట్టడం ఇందుకే.

ఈ లెక్కలు బరువుతో నిలిచే గోడలకు మాత్రమే వర్తిస్తాయి. కేరళలోని ఇడుక్కి ఆనకట్ట దాదాపు 169 మీటర్ల ఎత్తున ఉన్నా అడుగున ఇరవై మీటర్ల లోపు మందంతోనే నిలిచింది. అది వంపు ఆనకట్ట. నీటి తోపుడును రెండు వైపుల కొండలకు అందజేస్తుంది. గ్రామ చెరువుల మట్టికట్టలు అడుగున ఎంతో వెడల్పుగా ఉంటాయి గాని, అక్కడి కారణాలు వేరు. తడిసిన మట్టి వాలు జారకుండా ఉండటం, కట్టలో నుంచి ఊరే నీరు దిగువ వాలుపై బయటపడకుండా ఉండటం అక్కడ ప్రధానం. నీరు నెట్టడం వలన మట్టికట్ట మొత్తంగా తిరగబడే సందర్భం ఉండదు.

వాగు గట్టున అదే లెక్క

ఇప్పుడు గ్రామాలలో నిజంగా కట్టే రకపు గోడను తీసుకోవాలి. మొనతో గోడ కట్టడం సాధ్యం కాదు, పైన మనిషి నడవాలి, వరదలో కొట్టుకొచ్చే దుంగలు తగిలినా విరగకూడదు. పైన ఒక మీటరు, అడుగున 3 మీటర్లు వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, ఎగువ ముఖం నిలువు, దిగువ ముఖం వాలు అనుకుందాం. మీటరు పొడవుకు దీని బరువు 13.8 టన్నులు.

నీరు గోడ పై అంచు వరకు నిండినప్పుడు, ఊర్ధ్వ పీడనాన్ని కూడా కలిపి లెక్కిస్తే ఫలిత బలం ఎగువ అంచు నుంచి 1.61 మీటర్ల దూరంలో పునాదిని తాకుతుంది. మధ్య మూడవ వంతు 2 మీటర్ల వరకు ఉంది కాబట్టి గోడ క్షేమం. జారుడుకు కావలసిన ఘర్షణ గుణకం 0.48, ఇదీ హద్దులోనే ఉంది.

చెక్‌డ్యామ్ మీదుగా వరద పొర్లుతుంది. పై అంచుపై 0.6 మీటరు నీరు పారుతున్నదనుకుందాం. పీడనం ఇక త్రిభుజం కాదు. పై అంచు వద్దనే 0.6 టన్నులతో మొదలై అడుగున 3.6 టన్నులకు చేరుతుంది. బలం 4.5 నుంచి 6.3 టన్నులకు, పడదోసే భ్రామకం 4.5 నుంచి 7.2 టన్ను-మీటర్లకు పెరుగుతాయి. లోతు అయిదవ వంతు పెరిగితే భ్రామకం అరవై శాతం పెరిగింది. ఫలిత బలం 1.99 మీటర్ల వద్ద, అంటే సరిగ్గా హద్దు మీద పడుతుంది. జారుడుకు కావలసిన గుణకం 0.75కి చేరి, రాతిలో గాడి లేకపోతే గోడ జరిగే స్థితి వస్తుంది. నిజంలో దిగువన కూడా కొంత నీరు నిలిచి ఎదురు ఒత్తిడినిస్తుంది కనుక కొద్దిపాటి వెసులుబాటు ఉంటుంది. కాని వరద మొదటి గంటలో దిగువ మట్టం ఇంకా పెరగకముందు ఆ సహాయం ఉండదు. రూపకల్పన చేసేవారు నిండు మట్టాన్ని కాక వరద మట్టాన్ని ఆధారంగా తీసుకోవాలనడానికి కారణం ఇదే.

ఇక ఇసుక బస్తాల సంగతి. వేసవికి మరికొంత నీరు నిలుస్తుందన్న ఆశతో రైతులు ఇదే గోడపై 0.6 మీటరు ఎత్తు బస్తాలు పేర్చుతారు. బస్తాల అంచు వరకు నీరు నిండితే ఫలిత బలం 2.06 మీటర్లకు జరిగి మధ్య మూడవ వంతును దాటుతుంది. ఎగువ అంచు వద్ద అతుకు విచ్చుకోవడం మొదలవుతుంది. గోడ ఇంకా నిలిచే ఉంటుంది, అందువలన ఏమీ కాలేదనే అనుకుంటారు. తరువాత అకాల వర్షానికి ఆ బస్తాల మీదుగా మరో 0.6 మీటరు నీరు పొర్లితే బలం 8.64 టన్నులు, భ్రామకం 11.66 టన్ను-మీటర్లు అవుతాయి. ఫలిత బలం 2.71 మీటర్ల వద్ద, దిగువ అంచుకు ఒక అడుగు దూరంలోకి వస్తుంది. అప్పుడు అడుగు వెడల్పులో చాలా భాగం మేర పగులు ఏర్పడి, అందులోకి నీరు పూర్తి పీడనంతో చేరితే గోడ నికర బరువు 3 టన్నులకు పడిపోతుంది, ఫలిత బలం అడుగును దాటి బయటికి పోతుంది. బూజేలో పది మీటర్ల లోతున జరిగినదే మూడు మీటర్ల చెక్‌డ్యామ్‌లోనూ జరుగుతుంది. పునాది రాతికి గోడ గట్టిగా పట్టి ఉంటే ఇది ఆలస్యం కావచ్చు, కాని రూపకల్పనలో లేని ఆ పట్టుపై ఆధారపడి నీరు నిలపడం తెలిసి చేయవలసిన పని కాదు. వరద ముందుగా బస్తాలనే తోసివేస్తే గోడ బతుకుతుంది. ఇబ్బందేమిటంటే రైతులు వాటిని కొయ్య గుంజలతో, తాళ్లతో గట్టిగా బిగించడానికే ప్రయత్నిస్తారు. నీరు మరికొంత నిలపాలన్న కోరిక న్యాయమైనదే. దానికి గోడ పైన ఎత్తు కలపడం కాక, ఎగువన పూడిక తీయడం మార్గం.

పూడిక వలన మరొక మేలు తగ్గుతుందని కూడా గుర్తించాలి. గోడ వెనుక మేట వేసిన ఒండ్రు నీటి కంటే బరువైనది. గురుత్వ ఆనకట్టల రూపకల్పనకు సంబంధించిన భారతీయ ప్రమాణం, నీరు, ఒండ్రు కలిసి ఇచ్చే అడ్డపు ఒత్తిడిని ఘనపు మీటరుకు 1,360 కిలోల బరువున్న ద్రవం ఒత్తిడిగా తీసుకోవాలంటుంది. మూడు మీటర్ల మేర పూర్తిగా పూడిపోయిన గోడపై బలం 4.5 నుంచి 6.12 టన్నులకు పెరుగుతుంది. నీరు నిలవకుండా పోయిన పాత చెక్‌డ్యామ్ భారం తగ్గిందని భావించడం పొరపాటు.

వరద తగ్గిన తరువాత గోడను పరిశీలించే విస్తరణ శాస్త్రవేత్త ముందుగా ఎగువ ముఖాన్ని చూడాలి. దిగువ ముఖంపై పెచ్చులూడటం కంటితో వెంటనే కనిపిస్తుంది గాని అది చాలావరకు పైపైదే. నీరు దిగినప్పుడు ఎగువ ముఖంపై అడ్డంగా, ఒక రాతి వరుస వెంట సాగిన సన్నని గీత కనిపిస్తే అది తన్యత గుర్తు. గీత ఎంత మట్టంలో ఉన్నదో కొలిచి రాసుకోవాలి. బలపరచవలసింది ఆ మట్టాన్ని, అడుగును కాదు. రెండవది, దిగువ అంచు వద్ద రాతి పరుపు కింద మట్టి కోతకు గురై బోలుగా మారిందేమో గునపంతో తట్టి చూడాలి. అక్కడ ఆసరా పోతే జారుడును అడ్డుకునే శక్తి తగ్గుతుంది. మూడవది, పునాది నుంచి ఊరే నీరు తేటగా ఉన్నదా, మట్టి కలిసి వస్తున్నదా అన్నది. తేట నీరు ఊర్ధ్వ పీడనాన్ని బయటికి వదులుతున్నది, దానిని సిమెంటుతో మూసివేయరాదు. మట్టి నీరు పునాదినే మోసుకుపోతున్నది. అది కనిపించిన రోజున పైన బస్తాలు ఉంటే తొలగించి, నీటి మట్టాన్ని వెంటనే తగ్గించాలి.